రైలు దిగినవాళ్ళు ఏం కొంటున్నారు? పక్క అంగళ్ళను చూసి ఖాళీ కనిపెట్టే పద్ధతి

రాబర్ట్‌సన్‌పేటలోగానీ, అండర్సన్‌పేటలోగానీ కొత్తగా అంగడి పెట్టాలనుకునేవాళ్ళు మొదట చూసేది గుంపు ఎక్కడుందనే. గోబీ మంచూరి బండి దగ్గర పదిమంది నిలబడితే, దానికి నాలుగడుగుల దూరంలో ఇంకో గోబీ బండి వస్తుంది. ఆ పదిమందే రెండు బండ్లకూ పంచుకుపోతారు. కడాయి, గ్యాస్ సిలిండర్, కూలి మాత్రం రెండింతలవుతాయి. పోటీదారుణ్ణి చూడడమంటే అతను ఏం అమ్ముతున్నాడో చూసి మనమూ అదే అమ్మడం కాదు. అతను ఎవరికి అమ్మలేకపోతున్నాడో, ఏ వేళకు అమ్మలేకపోతున్నాడో చూడాలి. ఇందుకు పెట్టుబడి అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, మూడు వారాల ఓపిక చాలు.

మన ఊరి విషయంలో వస్తువుకన్నా ముందు గడియారాన్ని చూడాలి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటినుంచీ ఈ ఊరి బజారు గని షిఫ్టులకు తగ్గట్టు నడిచింది. షిఫ్టు దిగేవేళకు టీ అంగడి తెరిచి ఉండాలి, జీతాలనాడు మార్కెట్టు నిండాలి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక జీతం తెచ్చేవాళ్ళు బెంగళూరు దారి పట్టారు. నేటికీ వేలమంది తెల్లవారకముందే మరికుప్పం, ఛాంపియన్, ఊరగాం, కోరమాండల్, బీఈఎంఎల్ నగర్ స్టేషన్లలో రైలెక్కి, దాదాపు వంద కిలోమీటర్లు పోయి, రాత్రికి తిరిగొస్తారు. చాలా అంగళ్ళ వేళలు మాత్రం అంతగా మారలేదు. పొద్దున ఇడ్లీ పొయ్యి వెలిగేసరికి రైలు వెళ్ళిపోయి ఉంటుంది. రాత్రి రైలు వచ్చేసరికి షట్టర్ సగం దించి ఉంటుంది. కొనేవాడి చేతిలో డబ్బుంది, ఆకలీ ఉంది, ఎదుట అంగడీ ఉంది, వేళ మాత్రం కలవదు. ఇలాంటి ఖాళీ ఏముంది, ఏం లేదు అని వస్తువుల జాబితా రాసుకుంటే కనపడదు.

పుస్తకంలో ఏం రాయాలి

ఒక వీధినే తీసుకోండి, ఊరంతా వద్దు. ఆ వీధిలో మీరు అమ్మాలనుకునే సరుకుకు పోటీ అయ్యే అంగళ్ళు ఎనిమిదో పదో ఉంటాయి. ఒక్కో అంగడికి ఒక పేజీ. తెరిచే వేళ, మూసే వేళ, ఎక్కువగా పోయే రెండు సరుకులు, వాటి ధరలు, వచ్చేవాళ్ళు ఎవరు (పిల్లలా, కుటుంబాలా, సంచి తగిలించుకున్న రైలు ప్రయాణికులా), కూర్చుని తింటున్నారా పొట్లం కట్టించుకుంటున్నారా. ఈ మాత్రం ఎవరైనా రాస్తారు. అసలు విలువ ఇంకో రెండు గడులకుంది.

మొదటిది, ఏ సరుకు ఎన్నింటికి అయిపోతోంది. రోజూ ఎనిమిదింటికే చపాతీ అయిపోతే, యజమాని కావాలనే తక్కువ చేస్తున్నాడా, చెయ్యడానికి మనిషి లేడా అన్నది తెలుసుకోవాలి. రెండోది, "లేదు" అన్న మాట. అరగంట అక్కడ టీ తాగుతూ కూర్చుంటే "లేదన్నా, అయిపోయింది" అని ఎన్నిసార్లు, దేనికి అన్నారో వినపడుతుంది. అలా వినపడిన ప్రతిసారీ ఒక గీత పెట్టండి. అమ్ముడుపోయినది అంగడివాడి గల్లాపెట్టెకు తెలుసు. అమ్ముడుపోక వెనక్కి పోయిన కోరికను మాత్రం ఎవరూ లెక్క రాసుకోరు, ఆఖరికి అంగడివాడు కూడా.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. పావుగంటలో పన్నెండుమంది వచ్చారు కాబట్టి గంటకు నలభై ఎనిమిదిమంది అని హెచ్చవేస్తారు. రైలు ఊళ్ళో ఇది చెల్లదు. రైలు దిగిన జనం అల లాగా వస్తారు, ఇరవై నిమిషాల్లో వీధి దాటిపోతారు. తరువాతి అల దాకా ఈగలు తోలుకోవాలి. అందుకే పావుగంటకొక గీత గీసి, రెండు గంటలపాటు విడివిడిగా రాయాలి. ఇంకా, జీతాలు పడే నెల మొదటి పది రోజుల్లో కనీసం రెండుసార్లు, ఇరవయ్యో తేదీ తరువాత రెండుసార్లు, ఒక ఆదివారం చూడాలి. మొదటి వారం గుంపు చూసి అడ్వాన్సు కట్టినవాళ్ళకు నెలాఖరున అదే వీధి కొత్తగా కనిపిస్తుంది. ఆదివారం రైలు జనం ఉండరు, ఇంట్లో ఉంటారు, మధ్యాహ్నం మాంసం వండుకుంటారు.

పక్క అంగడికి పోయినప్పుడు ఏదైనా కొని తినండి. మన ఊరు చిన్నది, అందరూ అందరికీ తెలుసు. ఊరికే నిలబడి ఫోన్‌తో ధరల పట్టిక ఫొటో తీసేవాడిమీద సాయంత్రానికల్లా మాట పాకుతుంది. పనివాళ్ళను రోజు వ్యాపారం ఎంతని అడగవద్దు. అది మర్యాద కాదు, పైగా వాళ్ళు చెప్పే అంకె నిజమయ్యేదీ తక్కువే.

ఖాళీ ఉన్నంత మాత్రాన గిరాకీ ఉన్నట్టు కాదు

ఒక వీధిలో ఒక సరుకు లేదంటే దానికి మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ కోరడం లేదు, లేదా కోరేవాళ్ళున్నా ఆ ధరకు చేసి అమ్మితే గిట్టదు, లేదా ఇంతవరకూ ఎవరూ గమనించలేదు. మనకు కావలసింది మూడోది. మొదటి రెండూ కూడా బయటినుంచి అచ్చం దానిలాగే కనిపిస్తాయి.

తేడా తెలియాలంటే వీధిలో అందరికన్నా పాత అంగడివాణ్ణి ఒకటే అడగండి: "ఇంతకుముందు ఎవరైనా ఇక్కడ ఇది పెట్టారా అన్నా?" పెట్టారు అంటే, ఎన్ని నెలలు నడిపారు, ఎందుకు మూశారు అనేది తరువాతి ప్రశ్న. మూసిన షట్టర్లు, రంగు పూసినా కింద అక్షరాలు కనిపించే పాత బోర్డులు కూడా పోటీదారుల జాబితాలోకే వస్తాయి. నడుస్తున్న పది అంగళ్ళకన్నా మూతపడిన రెండే ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం.

మన తెలుగు ఇళ్ళవాళ్ళం ప్రత్యేకంగా పడే చిక్కు ఒకటుంది. "మనవాళ్ళకు ఇక్కడ మంచి సున్నుండలు దొరకవు, అరిసెలు దొరకవు" అని మొదలుపెడతాం. మాట నిజమే. కానీ అడిగేది ఎవరు, ఏడాదిలో ఎన్నిసార్లు? సంక్రాంతికి వారం ముందు ఇరవై ఇళ్ళవాళ్ళు అడిగితే అది ఒక పండగ ఆర్డరే, నెల నెలా అద్దె కట్టగల అంగడి కాదు. రాబర్ట్‌సన్‌పేట వీధిలో నడిచేవాళ్ళు తమిళం, తెలుగు, కన్నడ, ఉర్దూ అన్నీ మాట్లాడతారు. మన బంధువుల మాటలే విని లెక్క వేసుకుంటే ఖాళీ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

ఖాళీ అనేది చోటుతో ముడిపడినదని చెప్పడానికి మన బంగారుపేట పానీపూరి ఉంది. మిగతా చోట్ల పానీపూరి నీళ్ళు ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే, బంగారుపేటవి మామూలు మంచినీళ్ళలా తేటగా కనిపిస్తూ నోట్లో పడగానే కారం చూపిస్తాయి. బెంగళూరులో ఈరోజు బంగారుపేట చాట్స్ అనే బోర్డుతో చాలా అంగళ్ళు నడుస్తున్నాయి. అక్కడ వందల పానీపూరి బండ్ల మధ్య అది వేరుగా కనపడింది. అదే అంగణ్ణి బంగారుపేట బస్టాండు పక్కన పెడితే అందులో వేరేదేమీ లేదు, అందరూ అమ్మేది అదే. సరుకు మారలేదు, చుట్టూ ఉన్న పోటీ మారింది.

వీధిలో కనపడని పోటీదారులు ఇద్దరున్నారు. ఒకరు ఇంట్లో అమ్మ. రాత్రి తొమ్మిదికి దిగినవాడికి ఇంటి దగ్గర వేడి ముద్ద, సారు సిద్ధంగా ఉంటే మీ పొట్లం అతనికి అక్కరలేదు. కాబట్టి ఎంతమంది దిగుతున్నారన్నదానికన్నా, వండేవాళ్ళు కూడా అదే రైల్లో పోయివచ్చే ఇళ్ళెన్ని, ఒంటరిగా గది తీసుకున్నవాళ్ళెందరు అన్నది ముఖ్యం. రెండోది ఖాతా పుస్తకం. నెలనెలా అప్పు ఇచ్చే అంగడిని జనం రుచి కోసం వదిలిపెట్టరు, ఎందుకంటే వదిలితే పాత బాకీ ఒక్కసారిగా కట్టాలి. కిరాణా పెట్టాలనుకునేవాళ్ళు ఇది చూడకుండా రూపాయి తక్కువకు అమ్మి గెలుద్దామనుకుంటారు. తీరా చూస్తే ఆ రూపాయికి వచ్చేది అప్పు దొరకనివాళ్ళే.

ఫోన్‌లో చూడవలసింది

స్విగ్గీ, జొమాటో లాంటి యాప్‌లలోనూ పద్ధతి ఇదే, వీధి మాత్రం వేరు. ముందుగా లొకేషన్ పిన్‌ను మీ ఇంటి మీద కాకుండా మీరు అమ్మాలనుకునే పేట మీద పెట్టండి. ఒకే మాటను, ఉదాహరణకు చపాతీ అని, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదిన్నరకు వెతకండి. ఎన్ని అంగళ్ళు వచ్చాయి, వాటిలో ఎన్ని ఆ వేళకు మూసి ఉన్నాయి, డెలివరీకి ఎన్ని నిమిషాలు చూపుతోంది, ఇవి రాసుకోండి. మధ్యాహ్నం పది కనిపించి రాత్రి ఒకటే మిగిలితే అక్కడ ఆగి చూడాలి. పైన మొదట కనిపించేవాటిలో కొన్ని డబ్బు కట్టిన ప్రకటనలు, దానికి గుర్తు పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందున్నాడు కాబట్టి బాగా అమ్ముడుపోతున్నాడని అనుకోవద్దు.

సమీక్షల్లో ఐదు నక్షత్రాలవి, ఒక నక్షత్రానివి పక్కన పెట్టండి. మొదటివాటిలో స్నేహితులుంటారు, రెండోవాటిలో ఆనాటి కోపం ఉంటుంది. రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళు ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో రెండూ చెబుతారు. "రుచి బాగుంది, కానీ చపాతీ తోలులా సాగింది" అని ముగ్గురు వేర్వేరు నెలల్లో రాశారంటే అది వంటవాడి తప్పు కాకపోవచ్చు. వేడి చపాతీని ప్లాస్టిక్ డబ్బాలో మూసేస్తే ఆవిరి పట్టి అలా అవుతుంది. దాన్ని కాగితంలో చుట్టి పంపేవాడికి అక్కడ చోటుంది. ఉప్పు ఎక్కువైందని ఒక్కరే రాస్తే వదిలేయండి.

అదే అంగడికి స్వయంగా పోయి, గల్లా దగ్గరి ధరనూ యాప్ ధరనూ పక్కపక్కన రాయండి. దోసె అక్కడ 50, యాప్‌లో 65 అయితే ఆ తేడాలో చాలా భాగం యాప్ కమిషన్‌కు పోతోందన్నమాట. ధర రెండుచోట్లా ఒకటే అయితే, ఆ మనిషి లాభం వదులుకుంటున్నాడు, లేదా పరిమాణం తగ్గిస్తున్నాడు. ఒకసారి తెప్పించి తూచి చూస్తే తెలిసిపోతుంది.

ఒక లెక్క

పుస్తకం నిండాక ఇలా తేలిందనుకుందాం. రైలు దిగినవాళ్ళు నడిచిపోయే ఒక వీధిలో రాత్రి ఎనిమిదిన్నర తరువాత మూడు చోట్ల తిండి దొరుకుతోంది, మూడింటిలోనూ గోబీ, ఫ్రైడ్ రైస్, దోసె. ఆరు రాత్రుల్లో "చపాతీ ఉందా" అన్న ప్రశ్న 31 సార్లు వినపడింది, అంటే రాత్రికి అయిదు. చూసినది రోజుకు ఒక అంగడి దగ్గర మాత్రమే కాబట్టి అసలు కోరిక ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. కానీ అది యాభై కాదు, పదిహేనూ ఇరవై అనుకోవడం మేలు.

నాలుగు చపాతీలు, ఒక కూర, పొట్లం ధర 50 రూపాయలు. కిలో గోధుమపిండికి నీళ్ళు కలిసి దాదాపు 1,600 గ్రాముల ముద్ద వస్తుంది. ఉండకు 50 గ్రాములు తీస్తే ముప్పైకి పైగా చపాతీలు. ఈ లెక్కన పొట్లానికి పిండి 7 రూపాయలు, నూనె 3, కూర 14, గ్యాస్ 3, కాగితం, సంచి 4, మొత్తం 31 అనుకుందాం. మిగిలేది 19. ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, మీ మార్కెట్టు ధరలతో తిరగరాసుకోండి.

ఇరవై పొట్లాలు అమ్మితే రాత్రికి 380 రూపాయలు. ఇంట్లోవాళ్ళే చేసుకుంటే ఫరవాలేదు, 300 ఇచ్చి మనిషిని పెట్టుకుంటే చేతికి 80. కాబట్టి ఇరవై పొట్లాల ఖాళీ ఒక ఇంటికి పైసంపాదన అవుతుంది, అద్దె షాపుకు సరిపోదు. ఖాళీ కనపడగానే షట్టర్ కోసం అడ్వాన్సు కట్టేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఖాళీ నిజమే, దాని కొలతే చిన్నది.

మిగిలిపోయినదాన్ని కూడా లెక్కలోకి తేవాలి. అమ్ముడుపోని ఒక్కో పొట్లం 31 రూపాయల నష్టం. అయిదు మిగిలితే 155 పోతుంది, అంటే ఎనిమిది పొట్లాల లాభం దానికే సరి. చపాతీ మరునాటికి పనికిరాదు. అందుకే ముందు చెప్పినవాళ్ళకే చెయ్యడం మంచిది. రైలు మాలూరు దాటేసరికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేటట్టు పదిహేనుమందితో గ్రూపు ఉంటే, ఉండలు చేసి పెట్టుకుని, రైలు బంగారుపేట వచ్చాక పెనం ఎక్కించవచ్చు. రైలు ఆలస్యమైనా చపాతీ చల్లారదు, ఎందుకంటే అది ఇంకా పెనం మీద పడలేదు.

ఇదే పొట్లాన్ని యాప్‌లో 50కే పెట్టామనుకోండి. కమిషన్ ఒక్కో అంగడి ఒప్పందాన్ని బట్టి మారుతుంది. పాతిక శాతం అనుకుంటే 12.50, దానిమీద 18 శాతం జీఎస్‌టీ 2.25, మొత్తం 14.75 పోతుంది. 19లో మిగిలేది 4.25. ధర 65 చేస్తే కమిషన్, పన్ను కలిపి దాదాపు 19.20 పోయి, ఖర్చు తీసేస్తే 14.80 చేతికొస్తుంది. కానీ 65 రూపాయల చపాతీ పొట్లానికి డెలివరీ ఛార్జీ కూడా ఇచ్చి తెప్పించుకునేవాళ్ళు ఈ వీధిలో ఉన్నారా? నడిచిపోతూ తీసుకునేవాడికి యాప్‌తో పనిలేదు. ఈ ఖాళీకి వీధే సరైన చోటు.

పరీక్షకు పది రాత్రులు చాలు, అందులో నెలాఖరు రోజులు కొన్ని తప్పకుండా ఉండాలి. మొదటి రాత్రి పది పొట్లాలే చేయండి. ఇల్లే అయినా అమ్మకానికి వండేటప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. తరువాత అంగడి పెట్టేటట్టయితే రాబర్ట్‌సన్‌పేట నగరసభ ట్రేడ్ లైసెన్సు కూడా కావాలి. రోజూ మూడే అంకెలు రాయండి: ఎన్ని చేశాం, ఎన్ని పోయాయి, లేదని ఎంతమందిని పంపాం. వీటికన్నా ముఖ్యమైన ఇంకో గుర్తుంది. మొదటి వారం కొన్నవాళ్ళలో ఎందరు రెండో వారం మళ్ళీ వచ్చారు? పదిమందిలో ఆరుగురు తిరిగొస్తే నడుస్తుంది. రోజూ కొత్తవాళ్ళే వస్తూ పాతవాళ్ళు రాకపోతే, అది చుట్టాల మొహమాటం లేదా కొత్త మోజు.

ఇక పక్కవాడి సంగతి. మీ పొట్లాలు పోతున్నాయని తెలిసిన వారంలో గోబీ అంగడివాడు కూడా చపాతీ మొదలుపెడతాడు, అతనికి పెనం ఉండనే ఉంది. సరుకులో ఉన్న ఖాళీ అంత త్వరగా పూడుతుంది. వేళలో ఉన్నది అంత త్వరగా పూడదు. పొద్దున్నుంచి నిలబడ్డ మనిషి రాత్రి చివరి రైలు దాకా మెలకువగా ఉండాలంటే ఇంకో మనిషిని పెట్టుకోవాలి, ఆ కూలి గోబీ లాభంలోంచి రావాలి. కాబట్టి పోటీ వచ్చిననాడు ధర తగ్గించవద్దు, 19లో అయిదు తగ్గిస్తే పావువంతుకు పైగా పోయినట్టే. ఎనిమిదిన్నర జనాన్ని అతనికి వదిలి, చివరి రైలు జనాన్ని పట్టుకోండి. అతను అక్కడికీ వస్తే పుస్తకం తీసి రెండు వారాల అంకెలు చూడండి. అమ్మకం పన్నెండు పొట్లాల కింద నిలిచిపోతే ఆపేయవచ్చు, పోయేది ఒక పెనం, కొంచెం పిండి.